డాలస్ నుంచి ఐసీయూకి ఒక మెసేజ్

"నాన్నకి ఎలా ఉందండీ?" అని అడిగితే ఐసీయూ నుంచి వచ్చే జవాబు చాలాసార్లు ఒకటే: "స్టేబుల్‌గానే ఉన్నారండి." అందులో అబద్ధం లేదు, సమాచారమూ లేదు. నిన్నటికీ ఇవాళ్టికీ పెద్ద తేడా లేదని మాత్రమే దానర్థం. వెంటిలేటర్ మీదున్న మనిషి కూడా స్టేబుల్‌గా ఉండొచ్చు.

ఒక కేసు ఊహించుకుందాం. భీమవరంలో 71 ఏళ్ల పెద్దాయనకి న్యుమోనియా. నోట్లోంచి గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టి ఎనిమిది రోజులైంది. కొడుకు డాలస్‌లో ఉన్నాడు. ఆసుపత్రిలో ఉన్నది తల్లి, అల్లుడు. మెడ దగ్గర చిన్న రంధ్రం చేసి గొట్టం అక్కడికి మార్చాలని, అంటే ట్రాకియాస్టమీ చేయాలని డాక్టరు అన్నారు. "మా బావమరిదిని అడిగి చెబుతానండి" అని అల్లుడు సంతకం ఆపాడు. రౌండ్స్ జరిగేది ఉదయం పదింటికి. డాలస్‌లో అప్పటికి, చలికాలమైతే, ముందురోజు రాత్రి పదిన్నర. కొడుకు మేలుకునే ఉంటాడు కానీ డాక్టరు ఫోనెత్తే వేళ కాదది. అందుకని మెసేజ్ రాశాడు:

"డాక్టర్ గారికి నమస్కారం. ఐసీయూ నాలుగో బెడ్డు పేషెంటు కొడుకుని. ఐపీ నంబరు కింద రాశాను. నాతో వివరాలు మాట్లాడవచ్చని మా అమ్మ సంతకం చేసిన కాగితం కేస్ షీట్‌లో పెట్టించాం. మూడు రోజుల కిందటితో పోలిస్తే ఆక్సిజన్ ఎంత పెట్టాల్సి వస్తోంది? బీపీ నిలబెట్టే మందు ఇంకా నడుస్తోందా? యూరిన్ సరిగా వస్తోందా? మత్తు తగ్గిస్తే కళ్లు తెరిచి చెప్పింది చేస్తున్నారా? ట్రాకియాస్టమీ చేస్తే ఏం మారుతుంది, చేయకపోతే ఏమవుతుంది? రేపు రౌండ్స్ అయ్యాక మీకు వీలైనప్పుడు మా బావగారి ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడగలరా? ఎమర్జెన్సీ అయితే నా కోసం ఆగొద్దు. అమ్మ, బావగారు సంతకం పెడతారు."

ఈ మెసేజ్‌లో అన్నిటికంటే పనికొచ్చేది ఆ కాగితం సంగతి. విదేశాల నుంచి ఫోన్ చేసి కొడుకునని ఎవరైనా చెప్పొచ్చు. పేషెంటు విషయాలు గోప్యంగా ఉంచాల్సిన డాక్టరు ముక్తసరిగా మాట్లాడితే తప్పు పట్టలేం.

రెండోది, అడిగిన ప్రశ్నలు. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం ఉంటుంది. వెంటిలేటర్‌లో మూడు రోజుల కింద 80 శాతం పెట్టాల్సి వచ్చి, ఇవాళ 45తో సరిపోతోందంటే ఊపిరితిత్తులు కోలుకుంటున్నట్టే. 45 నుంచి 80కి ఎక్కితే, "స్టేబుల్" అని ఎవరెంత చెప్పినా, పరిస్థితి దిగజారుతోంది. ఇవాళ్టి అంకె ఒక్కటే చూస్తే ఏమీ తేలదు, అది ఎటు నడుస్తోందో చూడాలి. స్కాన్ ఫొటోలన్నీ వాట్సాప్‌లో తెప్పించుకుని అమెరికాలో నలుగురు డాక్టర్లకి పంపడం కంటే ఈ పోలికే నయమని నా అభిప్రాయం.

మర్నాడు డాక్టరు మాట్లాడారు. ఆక్సిజన్ తగ్గింది, బీపీ మందు ఆపేశారు. కానీ దగ్గే బలం లేదు, వెంటిలేటర్ తీస్తే కాసేపటికే ఆయాసం వస్తోంది. నోట్లో గొట్టం ఉన్నంతకాలం ఆయన దాన్ని ఓర్చుకోవడానికి మత్తు ఇవ్వాలి, ఆ మత్తే బలం కూడనివ్వదు. మెడలోకి మారిస్తే మత్తు తగ్గించొచ్చు, కఫం తీయడం సులువు, వెంటిలేటర్‌ని మెల్లగా మాన్పించొచ్చు. కోలుకుంటే గొట్టం తీసేస్తారు, రంధ్రం చాలావరకు దానంతటదే మూసుకుంటుంది. రక్తస్రావం, ఇన్ఫెక్షన్ భయాలు ఉన్నాయి. ఇది న్యుమోనియాకి మందు కాదు. గొట్టంతోనే ఇంటికి పంపాల్సి వస్తే కఫం తీసే పని ఇంట్లో ఎవరో నేర్చుకోవాలి. ఈ చివరి మాట విన్నాకే కొడుకు తల్లిని అడిగాడు, నీ వల్ల అవుతుందా అని.

ఆమె ఇంకో మాట చెప్పింది. "మెషీన్ల మీద నన్ను పడేసి ఉంచొద్దు" అని ఆయన ఎప్పుడో అన్నాడట. కొడుకు దాన్ని డాక్టరుకి చెప్పాడు. ఆయనకి కోలుకునే అవకాశం కనబడుతోంది కాబట్టి చేద్దాం, పది రోజులయ్యాక ఎంత మెరుగుపడ్డారో చూసి మళ్లీ కూర్చుందాం అని ముగ్గురూ ఒప్పుకున్నారు. అల్లుడు సంతకం పెట్టాడు.

ఆయన ఆ మాటను రాసి పెట్టి ఉంటే ఇంత తర్జనభర్జన ఉండేది కాదు. 2018లో సుప్రీంకోర్టు ఇలాంటి ముందస్తు విల్లుకి చట్టబద్ధత ఇచ్చింది. 2023లో పద్ధతి సులభం చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. తన తరఫున నిర్ణయం చెప్పే దగ్గరివాళ్ల పేర్లు అందులో రాయాలి. అయినా వైద్యం ఆపాల్సి వస్తే ఆసుపత్రిలో రెండు డాక్టర్ల బోర్డులు ఒప్పుకోవాలి. కొడుకు డాలస్ నుంచి పంపే మెసేజ్ ఒక్కదానితో అది జరగదు.