నలుగురు కలిసి ఫ్లాట్ తీసుకుంటే ఓనర్‌కి ఏం రాయాలి?

మన పాలకీడు నుంచి హైదరాబాద్ చదువుకి వెళ్లి, నలుగురు కలిసి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఫ్లాట్ చూశారనుకుందాం. అద్దె నెలకి 12,000, అడ్వాన్స్ 24,000. తలా 3,000 అద్దె, తలా 6,000 అడ్వాన్స్. లెక్క సింపుల్‌గానే ఉంది కదా! కానీ ఓనర్ డౌట్ వేరు. "మధ్యలో ఒకడు వెళ్లిపోతే వాడి 3,000 ఎవరిస్తారు?" మీరు రాసే లెటర్ ఈ ప్రశ్నకే జవాబు చెప్పాలి. ఇలా రాయొచ్చు:

"నమస్కారం అండి. మేం నలుగురం డిగ్రీ చదువుతున్నాం. మీ ఫ్లాట్ మాకు 11 నెలలకి అద్దెకి కావాలి. ప్రతి నెల 5వ తేదీలోపు మొత్తం 12,000 మాలో ఒకరు ఒకేసారి మీ అకౌంట్‌లో వేస్తారు. కరెంటు బిల్లు మేమే కడతాం. మాలో ఒకరు ఖాళీ చేయాల్సి వస్తే నెల ముందు చెప్తాం. మిగతావాళ్లం పూర్తి అద్దె కడతాం. మీరు సరే అనకుండా కొత్తవాళ్లని తీసుకురాం."

లెటర్ కింద నలుగురూ సంతకం పెట్టండి. తర్వాత ఇవే మాటలు అగ్రిమెంట్‌లో కూడా ఉన్నాయో లేదో చూసుకోండి. అగ్రిమెంట్ ఒక్కరి పేరు మీదే రాస్తే, ఓనర్ అద్దె బాకీ అడిగేది ఆ ఒక్కరినే. ఇంకోటి, 18 ఏళ్లు నిండనివాళ్ల సంతకం కాంట్రాక్ట్‌లో చెల్లదు. వాళ్ల తరఫున అమ్మానాన్నల్లో ఒకరు బాధ్యత తీసుకోవాలి.

ఇప్పుడు అసలు విషయం. "నా వాటా నేను కట్టేశా, నాకేం సంబంధం" అని చాలామంది అనుకుంటారు. చట్టం అలా చూడదు. ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్, 1872లో సెక్షన్ 43 ఉంది. కలిసి మాటిచ్చినవాళ్లలో ఎవరినైనా సరే, మొత్తం కట్టమని అడగొచ్చు అంటుంది. అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకుంటే తప్ప ఇదే రూల్. అంటే ఓనర్ మీ ఒక్కరినే 12,000 అడగొచ్చు. అప్పుడు కట్టిన మీరు మిగతా ముగ్గురి దగ్గర తలా 3,000 వసూలు చేసుకోవచ్చు. అందులో ఒకడు ఎగ్గొడితే? ఆ 3,000 నష్టాన్ని మిగిలిన ముగ్గురూ సమానంగా మోయాలి. తలా 1,000. అంటే ఆ నెల మీకు పడేది 4,000.

అందుకే ఓనర్‌కి రాసిన లెటర్ కాకుండా, మీ నలుగురి మధ్య ఇంకో కాగితం ఉండాలి. వెళ్లేవాడు కొత్తవాడు వచ్చేదాకా తన 3,000 కడతాడా, లేక తన 6,000 అడ్వాన్స్‌లోంచి కట్ చేసుకోవాలా? రెండు నెలలు దాటితే ఆ 6,000 అయిపోతుంది, తర్వాత ఏంటి? పెద్ద రూమ్‌లో ఉండేవాళ్లు ఎక్కువ ఇస్తారా? ఎక్కువ ఇచ్చేట్టయితే అది కూడా రాయాలి. రాయకపోతే చట్టం సమానంగానే పంచుతుంది.

వాట్సాప్ గ్రూప్‌లో "ఓకే రా" అనుకుని వదిలేయకండి. ఈ కాగితం మీద కూడా నలుగురూ సంతకాలు పెట్టి, ఫొటో తీసి, తలా ఒక కాపీ ఉంచుకోండి. తాళం చేతికి రాకముందే ఈ పని అయిపోవాలి.