రాస్తుండగానే నకలు: నడిచే సర్వర్‌ని ఆపకుండా మార్చే విద్య

ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల ఆఫీసులో డేటాబేస్ సర్వర్‌ని పనివేళల్లోనే ఒక యంత్రం మీంచి ఇంకో యంత్రం మీదికి మార్చారట. ఎవరి లాగిన్నూ పోలేదు, ఎవరి పనీ ఆగలేదు. "మెమరీ క్షణక్షణం మారుతూ ఉంటుంది కదా, అలాంటిదాన్ని ఎలా కాపీ చేశారు? కాపీ పూర్తయ్యేసరికి అది పాతబడిపోదా?" అని ఆయన సందేహం. పాతబడుతుంది. ఈ విద్యలోని అందమంతా పాతబడినదాన్ని ఎలా సరిచేస్తారన్న దాంట్లోనే ఉంది.

ముందు నేపథ్యం రెండు మాటల్లో. అసలు యంత్రాన్ని హోస్ట్ అంటారు. దాని మీద హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ పనిచేస్తూ ఒక్కో సర్వర్‌కి ఒక్కో బొమ్మ యంత్రాన్ని, అంటే వర్చువల్ మెషీన్‌ని కల్పిస్తుంది. లినక్స్‌లో ఈ పని చేసే జంట కేవీఎం, క్యూఎము. నడుస్తున్న వర్చువల్ మెషీన్‌ని ఇంకో హోస్ట్‌కి తరలించడమే లైవ్ మైగ్రేషన్. అందుకు మూడు విషయాలు అవతల అందుబాటులో ఉండాలి: ప్రాసెసర్ స్థితి, మెమరీ, డిస్కు. ప్రాసెసర్ స్థితి చాలా చిన్నది. డిస్కు మాత్రం మామూలుగా కదలదు, దాని సంగతి తర్వాత చెబుతాను. కష్టమంతా మెమరీతోనే.

కొట్లో యజమాని చిట్టా పుస్తకం రాస్తూనే ఉంటాడు, మీరు దాని నకలు తీయాలి. ఆయన్ని ఆగమనకూడదు. మొదట పుస్తకమంతా రాసుకుంటారు. ఈలోగా ఆయన కొన్ని పేజీలు మారుస్తాడు. ఏయే పేజీలు మారాయో ఎవరైనా గుర్తు పెడితే రెండోసారి అవి మాత్రమే రాసుకుంటే సరిపోతుంది. మూడోసారి ఇంకా తక్కువ. మిగిలినవి నాలుగైదు పేజీలే అయినప్పుడు "ఒక్క క్షణం ఆగండి" అని అవీ రాసేసుకుంటారు.

దీన్నే ప్రీ-కాపీ అంటారు. వర్చువల్ మెషీన్లతోనే ఇది పుట్టిందని చాలామంది అనుకుంటారు, అది సరికాదు. 1985లోనే స్టాన్‌ఫర్డ్‌లో థైమర్, లాంట్జ్, చెరిటన్ తమ వి-సిస్టమ్‌లో నడుస్తున్న ప్రోగ్రాములను ఇలాగే తరలించారు. ఆ కాలంలో ఈ రంగంలో పనిచేసినవాళ్లలో ఎక్కువమంది దెబ్బతిన్నది ఇంకోచోట. ప్రోగ్రాము ఒక్కదాన్నే లాగితే, అది తెరిచిన ఫైళ్లు, నెట్‌వర్క్ కనెక్షన్లు పాత యంత్రం కెర్నెల్‌లో ఉండిపోతాయి. కొత్త ఇంటికి వచ్చినా ప్రతి చిన్న పనికీ పాత యంత్రాన్ని అడగాల్సి వస్తుంది. పాతది ఆగితే ఇదీ ఆగుతుంది. 2005లో కేంబ్రిడ్జ్, కోపెన్‌హాగన్ పరిశోధకులు (క్లార్క్, ఆయన సహచరులు) జెన్ హైపర్‌వైజర్ మీద చేసిన పనిలో ఈ ముడి విడిపోయింది. ప్రోగ్రాముని కాదు, దాని కింద ఉన్న కెర్నెల్‌తో సహా ఆపరేటింగ్ సిస్టమ్‌ని మొత్తంగా ఎత్తేశారు. ఫైళ్ల లెక్కలూ కనెక్షన్ల లెక్కలూ ఆ మెమరీలోనే ఉంటాయి కాబట్టి వెనక మిగిలేదేమీ లేదు. ఆటగాళ్లు క్వేక్ 3 ఆడుతుండగానే ఆ సర్వర్‌ని తరలించారు. నిజమైన పని మీద ఉన్న సర్వర్లకు సైతం ఆగిన సమయం 60 మిల్లీసెకన్ల దాకా తగ్గించగలిగామని రాశారు.

సరే, మారిన పేజీలను గుర్తు పెట్టేదెవరు? నాకు అన్నిటికంటే ముచ్చటైన భాగం ఇదే. వర్చువల్ మెషీన్ లోపలి లినక్స్‌కి గానీ డేటాబేస్‌కి గానీ ఈ తరలింపు గురించి తెలియదు. కనుక దాన్ని అడగడానికి వీల్లేదు. హైపర్‌వైజర్ చేసే పనేమిటంటే, ఆ మెమరీ పేజీలన్నిటికీ రాసే అనుమతి తీసేస్తుంది. చదవడానికి అడ్డేమీ లేదు. డేటాబేస్ ఒక పేజీలో ఏదో రాయబోగానే ప్రాసెసర్ దాన్ని ఆపి హైపర్‌వైజర్‌ని పిలుస్తుంది. హైపర్‌వైజర్ తన పట్టికలో ఆ పేజీకి ఎదురుగా ఒక బిట్ పెట్టి, అనుమతి తిరిగి ఇచ్చేసి, "ఇక కానీ" అంటుంది. ఆ పేజీలో ఆ తర్వాత వెయ్యిసార్లు రాసినా మళ్లీ ఎవరూ ఆపరు, ఎందుకంటే అది మారిందని ఒకసారి తెలిస్తే చాలు. ఇలా గుర్తు పడిన పేజీని డర్టీ పేజీ అంటారు. తర్వాతి విడత మొదలైనప్పుడు పట్టిక తీసుకుని, బిట్లు చెరిపేసి, అనుమతులు మళ్లీ లాగేస్తుంది. బ్రాడ్‌వెల్ తరం నుంచి ఇంటెల్ ప్రాసెసర్లు ఈ చిట్టాని తామే రాసిపెడతాయి కాబట్టి అస్తమానం ఆపి పిలవాల్సిన అవసరమూ తగ్గింది.

ఆ పట్టిక ఎంత చిన్నదో చూడండి. 8 జీబీ మెమరీని 4 కేబీ పేజీలుగా కోస్తే సుమారు 21 లక్షల పేజీలు. పేజీకి ఒక బిట్ చొప్పున మొత్తం పట్టిక 256 కేబీ. ఎనిమిది జీబీల్లో ఏం మారిందో చెప్పడానికి పావు ఎంబీ సరిపోతుంది.

ఇప్పుడు ఆ 8 జీబీ మెషీన్‌నే తరలిద్దాం. నెట్‌వర్క్ సెకనుకి 1 జీబీ మోస్తుందనుకుందాం, 10 గిగాబిట్ తీగకి అది న్యాయమైన లెక్కే. డేటాబేస్ సెకనుకి 250 ఎంబీ విలువ చేసే కొత్త పేజీలను మారుస్తోంది. మొదటి విడతకు 8 సెకన్లు పడుతుంది. ఆలోగా 2 జీబీ మారింది. అది పంపడానికి 2 సెకన్లు, ఆలోగా 500 ఎంబీ మారింది. అది పంపేందుకు అర సెకను, ఆలోగా 125 ఎంబీ. ప్రతి విడతా ముందుదానిలో నాలుగో వంతు. క్యూఎము ప్రతిసారీ ఒకటే ప్రశ్న వేసుకుంటుంది: ఇప్పుడు ఆపేస్తే మిగిలినది ఎంతసేపట్లో పోతుంది? మామూలుగా దాని హద్దు 300 మిల్లీసెకన్లు. 500 ఎంబీ మిగిలినప్పుడు జవాబు అర సెకను, కనుక ఇంకో విడత. 125 ఎంబీ మిగిలినప్పుడు ఎనిమిదో వంతు సెకను, కనుక ఆపేయవచ్చు. పదిన్నర సెకన్ల తరలింపులో వాడేవాళ్లకి తగిలే విరామం రెప్పపాటు కంటే పెద్దదేమీ కాదు.

ఇదే మెషీన్ సెకనుకి 1.2 జీబీ మారుస్తుంటే? పంపే వేగం కంటే మారే వేగమే ఎక్కువ. ఎన్ని విడతలు తిప్పినా దగ్గరకి రాదు. దీన్ని గుర్తుపట్టడం తేలికే. పంపే హోస్ట్ మీద ఈ రెండో ఆదేశాన్ని పదేపదే ఇచ్చి చూడండి:

```
virsh migrate --live --verbose vm1 qemu+ssh://host2/system
virsh domjobinfo vm1
```

`Iteration` పెరుగుతూ పోతూ, `Memory remaining` తగ్గినట్టే తగ్గి మళ్లీ పైకి లేస్తుంటే అది ముగిసే పని కాదు. అప్పుడు ఉన్న ముఖ్యమైన దారులు మూడు. విరామం హద్దు పెంచడం ఒకటి. `--auto-converge` పెట్టి ఆ మెషీన్ ప్రాసెసర్‌నే నెమ్మదింపజేయడం రెండోది. దీంతో అది రాసే వేగం తగ్గుతుంది, కానీ డేటాబేస్ వాడేవాళ్లకి ఆ నెమ్మది తెలుస్తుంది. మూడోది పోస్ట్-కాపీ: మెషీన్‌ని ముందే అవతల నడిపించి, కావాల్సిన పేజీని అడిగినప్పుడల్లా వెనకనుంచి తెప్పించడం. ఇది తప్పకుండా ముగుస్తుంది. కానీ మధ్యలో తీగ తెగితే సగం మెమరీ ఇటు, సగం అటు అయి మెషీన్ నిలిచిపోతుంది. ప్రీ-కాపీలో ఆ భయం లేదు, చివరి క్షణం దాకా పాతదే అసలుది కాబట్టి పని చెడిపోతే అది ఏమీ జరగనట్టు నడుస్తూనే ఉంటుంది. పోస్ట్-కాపీని వాళ్లూ వీళ్లూ గొప్పగా చెబుతారు గానీ, నా మనసు ప్రీ-కాపీ వైపే.

చివరి విరామంలో ప్రాసెసర్ స్థితి, మిగిలిన పేజీలు వెళ్లిపోతాయి. కొత్త హోస్ట్ నెట్‌వర్క్‌లోకి ఒక ప్రకటన పంపుతుంది, స్విచ్ ఆ మెషీన్ ఇప్పుడు ఈ పోర్ట్‌లో ఉందని నేర్చుకుంటుంది. రెండు హోస్టులూ ఒకే లేయర్-2 నెట్‌వర్క్‌లో ఉండటం అందుకే అవసరం.

ఇక డిస్కు. 500 జీబీ డిస్కుని పది సెకన్లలో పంపలేం కనుక, దాన్ని రెండు హోస్టులకీ అందే చోట పెడతారు: ఎన్‌ఎఫ్‌ఎస్ వాటా, ఐస్కజీ లేదా ఫైబర్ ఛానెల్ మీది లన్, సెఫ్ వంటిది. రెండు వైపులా దారి ఒకే పేరుతో ఉండాలి. "ఇద్దరికీ కనబడితే చాలు" అని అనుకోవడం దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఎవరికి ఎప్పుడు ఏం కనబడుతుందన్నదే అసలు ప్రశ్న.

ఒకే లన్ మీద మామూలు ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ వేసి, దాన్ని రెండు హోస్టుల్లోనూ ఒకేసారి మౌంట్ చేస్తే ఏమవుతుందో చూడండి. ఫలానా బ్లాకు ఖాళీగా ఉందని ఒక కెర్నెల్ తన మెమరీలో గుర్తుంచుకుంటుంది. రెండో కెర్నెల్ ఆ బ్లాకు వాడేసుకుంటుంది, మొదటిదానికి ఆ సంగతే తెలియదు. ఫైల్ సిస్టమ్ చెడిపోతుంది. ఫైళ్లుగా పెట్టాలంటే జీఎఫ్‌ఎస్2, వీఎంఎఫ్‌ఎస్ వంటి క్లస్టర్ ఫైల్ సిస్టమ్ కావాలి. అదే లన్‌ని ఏ ఫైల్ సిస్టమూ లేకుండా నేరుగా మెషీన్‌కి డిస్కుగా ఇస్తే, క్లస్టర్ ఫైల్ సిస్టమ్ అక్కర్లేదు. ఎందుకంటే ఏ క్షణాన చూసినా రాసేది ఒకే ఒక్క మెషీన్.

ఎన్‌ఎఫ్‌ఎస్ వాడినా ఒక చిక్కు ఉంది. అవతలి క్యూఎము తరలింపు మొదలవగానే డిస్కు ఫైలుని తెరిచి అందులోంచి కొంత చదువుతుంది. చదివినది ఆ హోస్ట్ కాష్‌లో నిలుస్తుంది. ఇవతల డేటాబేస్ ఇంకా పది సెకన్లు రాస్తూ ఉంటుంది. మెషీన్ అవతలికి చేరాక అదే బ్లాకు చదివితే కాష్ పాత నకలు ఇవ్వవచ్చు. అందుకే డిస్కుకి `cache=none` పెడతారు, అప్పుడు చదువూ రాతా హోస్ట్ కాష్‌ని తప్పించుకుని నేరుగా స్టోరేజ్‌కే వెళ్తాయి. పాత క్యూఎము వెర్షన్లతో అయితే లిబ్‌వర్ట్ ఈ సంగతి కనిపెట్టి ఇలా అడ్డుపడుతుంది:

```
Unsafe migration: Migration may lead to data corruption if disks use cache != none or cache != directsync
```

దీన్ని `--unsafe` అనే ఒక్క మాటతో దాటవేయవచ్చు. పాడైన డేటా వెంటనే బయటపడదు, కొన్నాళ్ల తర్వాత ఏదో ఒక పట్టిక చదువుతున్నప్పుడు బయటపడుతుంది. అప్పటికి కారణం ఏమిటో ఎవరికీ గుర్తుండదు. దయచేసి ఆ జెండా వాడొద్దు, డిస్కు సెట్టింగ్ మార్చండి.

చివరగా అప్పగింత. విరామ సమయంలో పాత క్యూఎము తన దగ్గరున్నదంతా డిస్కుకి రాసేసి ఫైలు మీది తాళం వదులుతుంది, ఆ తర్వాతే కొత్తది పట్టుకుంటుంది. ఈ తాళం క్యూఎము 2.10తో, 2017లో వచ్చింది. అంతకు ముందు తెలియక అదే మెషీన్‌ని రెండు హోస్టుల మీదా మొదలుపెడితే క్యూఎము తానుగా ఆపేది కాదు, రెండూ ఒకే డిస్కు మీద రాసి పాడుచేసేవి. ఇప్పుడైతే రెండోది `Failed to get "write" lock` అని నిరాకరిస్తుంది.

షేర్డ్ స్టోరేజ్ లేకుండా డిస్కుతో సహా తరలించే దారి కూడా ఉంది (`--copy-storage-all`), కానీ దానికి చాలా ఎక్కువ సేపు పడుతుంది. హోస్ట్‌కి మరమ్మతు చేయాలి, ఖాళీ చేయండి అంటారు, దానికోసమే ఎక్కువమంది లైవ్ మైగ్రేషన్‌ని వాడుతున్నారు. మిగిలినవాటి సంగతి పక్కనపెడితే, ఆ పని ఇది నిజంగానే బాగా చేస్తుంది.