వానలో మాట తడవకుండా

షార్ట్ ఫిల్మ్ చూస్తున్నవాళ్ళు మధ్యలో "ఏమన్నాడు?" అని పక్కవాళ్ళని అడిగారంటే ఆ సీను చేజారిపోయినట్టే. చాలాసార్లు అక్కడ గొంతు చిన్నదేమీ కాదు. చుట్టూ ఉన్న శబ్దాలు దాని చోటు ఆక్రమించేసి ఉంటాయి. ఇది ఎలా జరుగుతుందో, ఎలా సరిచేయాలో తెలియాలంటే ఒక్క సీను తీసుకుని, దాని సౌండ్‌ని మొదటినుంచీ కట్టుకుంటూ రావాలి.

రాత్రి వేళ. పల్లెటూళ్ళో రేకుల ఇల్లు. బయట వాన. వసారాలో నులక మంచం మీద తల్లి కూర్చుని ఉంది. కొడుకు బురద వాకిలి దాటి వచ్చి, చెప్పులు విడిచి, ఆమె పక్కన కూర్చుంటాడు. "తిన్నావా?" అంటుంది. "తిన్నానమ్మా" అంటాడు. కాసేపాగి, గొంతు తగ్గించి, "పొలం అమ్మేశాను" అంటాడు. సీను మొత్తం 40 సెకన్లు. కథ బరువంతా ఆ చివరి మాట మీదే ఉంది.

ఈ సీనుకి అసలు శత్రువు వానే. మనం మాట్లాడేటప్పుడు గొంతుకి బలం అచ్చుల్లో ఉంటుంది, అర్థం మాత్రం ఎక్కువగా హల్లుల్లో ఉంటుంది. పాలు, కాలు, తాలు అన్న మూడింటినీ విడదీసేది మొదటి హల్లు ఒక్కటే. ఆ హల్లులు క్షణంలో వచ్చిపోతాయి, బలహీనంగా ఉంటాయి. వాటిని గుర్తుపట్టించే శబ్దం చాలావరకు 2000 నుంచి 4000 హెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది. వాన హోరు కింది నుంచి పై దాకా పరుచుకుంటుంది కాబట్టి ఆ భాగాన్నీ కప్పేస్తుంది. కీచురాళ్ళ అరుపు కూడా దాదాపు అక్కడికే, 4000 హెర్ట్జ్‌ల పైన, వచ్చి చేరుతుంది. అందుకే గొంతు వినిపిస్తూనే ఉంటుంది కానీ మాట తెలియదు. "పొలం"లో "పొ" మునిగిపోయి "లం అమ్మేశాను" అన్నదే మిగులుతుంది.

కాబట్టి పని డైలాగుతోనే మొదలుపెట్టాలి. నిజమైన వానలో, రేకుల కింద ఈ సీను తీయకపోవడమే మంచిది. గొంతుతో కలిసి రికార్డయిన వానని తర్వాత విడదీయడం కష్టం. నాయిస్ తీసే సాఫ్ట్‌వేర్ గట్టిగా వాడితే గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టు అయిపోతుంది. పొడి రాత్రి తీసి, వానని తర్వాత వేయడమే తేలిక. చిత్రీకరణ అయ్యాక అందర్నీ కదలకుండా ఉండమని, అదే మైకుతో అదే చోట ఒక నిమిషం ఖాళీ శబ్దం రికార్డు చేసుకోవాలి. దాన్నే రూమ్ టోన్ అంటారు. డైలాగుని కోసి అతికించినప్పుడు మధ్యలో పడే గుంతల్ని దాంతో పూడుస్తారు. పూడ్చకపోతే ప్రతి కట్ దగ్గరా గాలి ఆగిపోయినట్టు చెవికి తట్టుతుంది. ఆ తర్వాత గొంతులో సుమారు 80 హెర్ట్జ్‌ల కిందున్న గుంయ్‌మనే శబ్దాన్ని కోసేసి, మాటలన్నీ ఒక స్థాయికి తెచ్చి, ఇక ఆ ట్రాక్‌ని కదపకూడదు. మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకోవాలి.

ఇప్పుడు వాన. ఒకే వాన రికార్డింగుని మొత్తం సీను మీద పరిస్తే అది రేడియోలో స్టేషన్ తగలనప్పటి బరబరలా వినిపిస్తుంది. దూరాన్ని బట్టి మూడు పొరలుగా వేస్తే అది వాన అవుతుంది. దూరాన ఊరంతా కురుస్తున్న మెత్తని హోరు, మధ్యలో రేకుల మీద దరువు, దగ్గరగా చూరు నుంచి బకెట్‌లో పడే చినుకులు. హోరు ఆగకుండా ఉంటుంది కాబట్టి డైలాగుకన్నా 15, 20 డెసిబెల్స్ కింద ఉంచాలి. చూరు చినుకులు మాత్రం కొంచెం గట్టిగా ఉన్నా పర్వాలేదు. వాటి మధ్య ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో మాట దూరుతుంది. వాన ఉందని చెవికి నమ్మకం కలిగించేది కూడా ఆ చినుకులే. అవి ఉంటే హోరుని ఇంకా తగ్గించవచ్చు.

అడుగుల చప్పుడు విడిగా రికార్డు చేయాలి. వెడల్పాటి తట్టలో తడి మట్టి పోసి, నటుడు వేసుకున్న రకం చెప్పులతోనే, తెర మీద అతని నడక చూస్తూ తొక్కాలి. బురదలో అడుగు పడే చప్పుడు ఒకటి, కాలు పైకి లాగేటప్పుడు వచ్చేది ఇంకొకటి. రెండోది లేకపోతే తడి తెలియదు. ఇక్కడ అమెరికన్ సౌండ్ డిజైనర్ వాల్టర్ మర్చ్ గమనించిన సంగతి పనికొస్తుంది. 1971లో విడుదలైన టీహెచ్ఎక్స్ 1138 సినిమాకి పనిచేసేటప్పుడు ఆయనకి ఒకటి తెలిసింది. ఒక్కరో ఇద్దరో నడుస్తుంటే ప్రతి అడుగూ బొమ్మతో సరిపోవాలి, ముగ్గురు నడిస్తే సరిపోకపోయినా ఎవరూ పట్టుకోలేరు. చెవి రెండింటిని విడివిడిగా గమనిస్తుంది, మూడోది చేరేసరికి అన్నీ కలిసి గుంపుగా మారిపోతాయి. దీన్ని ఆయన రెండున్నర సూత్రం అన్నారు.

మన సీనులో కొడుకు ఒక్కడే నడుస్తున్నాడు కాబట్టి ప్రతి అడుగూ సరిపోవాల్సిందే. అయితే సూత్రం అంతకన్నా పెద్ద సాయం చేస్తుంది. ఏ క్షణంలోనైనా ప్రేక్షకుడు గమనించాల్సిన శబ్దాలు రెండు, మహా అయితే రెండున్నర. నడిచేటప్పుడు అడుగులు, రేకుల మీద వాన, సగంగా కప్పల బెకబెక. మాటలు మొదలవగానే కప్పలు వెళ్ళిపోవాలి. అప్పుడు గొంతు, వాన, సగంగా చూరు చినుకు మిగులుతాయి.

నులక మంచం కిర్రుమనే చప్పుడు, ఉరుము కూడా ఉన్నాయి. ఇవి ఎంత గట్టిగా ఉండాలన్నది తర్వాతి ప్రశ్న, ఎప్పుడు రావాలన్నదే ముందు తేల్చుకోవాలి. ఉరుము "తిన్నానమ్మా" తర్వాతి మౌనంలో దూరంగా దొర్లి, కొడుకు నోరు తెరిచే లోపే ఆగిపోవాలి. కిర్రు "పొలం అమ్మేశాను" అయిపోయాక ఒక క్షణం ఆగి రావాలి. తల్లి కదిలిందని అది చెప్తుంది. ఆమె సమాధానం అదే.

ఇక మిక్సింగ్. కొత్తవాళ్ళు ఇక్కడ డైలాగుని పెంచుతారు. పెంచితే గుసగుస కాస్తా ప్రకటనలా మారుతుంది. గొంతుని అలాగే వదిలి, వాన ట్రాక్‌లలో 2000 నుంచి 4000 హెర్ట్జ్‌ల భాగాన్ని ఈక్వలైజర్‌తో మూడు నాలుగు డెసిబెల్స్ లోపలికి నొక్కాలి. ఆపైన చివరి మాటకి రెండు సెకన్ల ముందు నుంచీ మొత్తం వానని ఇంకో నాలుగు డెసిబెల్స్ నెమ్మదిగా దించాలి. మాట అయ్యాక తిరిగి పైకి తేవడానికి ఇంకా ఎక్కువ సమయం తీసుకోవాలి. ఇది గబుక్కున జరిగితే మాట మాటకీ వాన ఊపిరి పీల్చినట్టు వినిపిస్తుంది, పని బయటపడిపోతుంది. నెమ్మదిగా జరిగితే ఎవరికీ తెలియదు. మనసు పెట్టి వినేటప్పుడు మామూలుగా కూడా చుట్టూ ఉన్న వాన వెనక్కి పోయినట్టే ఉంటుంది కదా.

ఈ పని బాగా కుదిరిందో లేదో కట్టినవాళ్ళు చెప్పలేరు. డైలాగు కంఠతా వచ్చినవాళ్ళకి అది ఎంత హోరులోనైనా వినిపిస్తుంది. కాబట్టి స్క్రిప్టు చదవని ఒక మనిషికి, సినిమా ఎక్కువమంది చూసే ఫోన్ స్పీకర్ మీదే, తక్కువ వాల్యూమ్‌లో వినిపించాలి. ఫోన్‌లో ఉరుము గుండెబలం దాదాపు మాయమవుతుంది, వాన హోరు మాత్రం మిగిలి గొంతు మీదికి వస్తుంది. ఆ మనిషి చివరి మాటని పొల్లుపోకుండా తిరిగి చెప్పలేకపోతే వెంటనే డైలాగు ఫేడర్ జోలికి వెళ్ళొద్దు. మిగతా ట్రాక్‌లని ఒక్కొక్కటే మ్యూట్ చేస్తూ వినాలి. ఏది ఆపగానే "పొ" తేటగా బయటికొచ్చిందో దాన్నే, ఆ రెండు సెకన్ల మేరకే, తగ్గిస్తే చాలు.