గులాబీ మొక్కకు నాలుగు మాటలు

శుక్రవారం సాయంత్రమైతే చాలు, నర్సరీల ప్రకటనలు ఫోన్లలోకి దిగుతాయి. పైన విరబూసిన ఎర్ర గులాబీ ఫొటో, కింద 'శని, ఆదివారాలు బంపర్ ఆఫర్', దాని కింద 'రోజూ నీళ్లు పోయండి, ఎండ తగలనివ్వండి' అని ఒక సలహా. గొడవంతా ఆ సలహాతోనే. ఆఫర్ నమ్మి కొన్నవాళ్లు సలహానూ నమ్ముతారు. రోజూ ఒక చెంబు చొప్పున పోస్తారు. మూడో వారానికి మొక్క కింది ఆకులు పచ్చబడి రాలుతుంటే, నీళ్లు చాలలేదేమోనని ఇంకో చెంబు పోస్తారు.

కుండీలో మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే మట్టి రేణువుల సందుల్లోంచి గాలి పోతుంది. వేరుకు నీటితోపాటు గాలీ కావాలి. గాలి అందని వేరు కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు కాబట్టి పైన ఆకు వాడిపోతుంది. చూసేవాళ్లకు మాత్రం అది దాహంతో వాడిన మొక్కలాగే కనిపిస్తుంది. రెండింటికీ తేడా ఆకులో కాదు, మట్టిలో తెలుస్తుంది. ఆకు వాలి మట్టి పొడిగా ఉంటే నీళ్లు కావాలి. ఆకు వాలినా మట్టి తడిగానే ఉంటే నీళ్లు ఆపాలి. అందుకే ప్రకటనలో 'రోజూ' అన్న మాట తీసేసి, 'వేలు మట్టిలో అంగుళం లోతు దించండి, పొడిగా తగిలితేనే పోయండి' అని రాస్తే సగం మొక్కల ప్రాణం నిలుస్తుంది. పోసేటప్పుడు మాత్రం అడుగు రంధ్రంలోంచి బయటికి వచ్చేదాకా పోయాలి. పైపైన చిలకరిస్తే పై పొర తడిసి, కింది వేరు ఎండుతుంది.

గులాబీకి ఇంకో చిక్కు కూడా ఉంది. అది మొక్క పుట్టిన చోటి నుంచి వస్తుంది. మన రెండు రాష్ట్రాల్లోని నర్సరీలకు చాలా మొక్కలు తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక చుట్టుపక్కల నుంచే లారీల్లో వస్తాయి. అక్కడిది గోదావరి ఒండ్రు మట్టి, బాగా జిగురుగా ఉంటుంది. వేర్ల చుట్టూ ముద్దలా పట్టుకుని, లారీలో ఎన్ని కుదుపులు వచ్చినా విడిపోదు. దూరం వెళ్లే మొక్కకు అది మేలే. ఇంటికొచ్చాకే తంటా. ఈ రోజుల్లో చాలామంది కుండీలో తేలికపాటి కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు నింపి, మధ్యలో ఆ బంకమట్టి ముద్దను అలాగే పెట్టేస్తారు. ముద్ద ఒక్కసారి ఎండిందంటే గట్టిపడుతుంది. పోసిన నీళ్లు చుట్టూ ఉన్న పొట్టులోంచి జారి అడుగున పోతాయి. వేలు పెట్టి చూస్తే పక్కన తడి తగులుతుంది, వేర్లున్న మధ్య భాగం మాత్రం ఎండి ఉంటుంది. సన్నటి వెదురు పుల్లను కాండం పక్కన ముద్దలోకి గుచ్చి బయటికి తీస్తే అసలు సంగతి తెలుస్తుంది. పుల్లకు తడి మట్టి అంటుకుంటే సరే, పొడిగా వస్తే ముద్ద దాకా నీళ్లు చేరడం లేదన్నమాట.

దీనికి విరుగుడు కష్టమేమీ కాదు. నాటే ముందు కవరుతో సహా మొక్కను అరగంట బకెట్ నీళ్లలో ఉంచాలి. తర్వాత కవరును కత్తిరించి, ముద్ద బయటి మట్టిని వేళ్లతో కాస్త వదులు చేయాలి. లోపలి వేర్లను కదిలించకూడదు. పన్నెండు అంగుళాల కుండీలో రెండు వంతులు ఎర్రమట్టి, ఒక వంతు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక వంతు కొబ్బరి పొట్టు కలిపి నింపితే బయటి మట్టికీ లోపలి ముద్దకూ మరీ అంత తేడా ఉండదు. ఒక గుప్పెడు వేపపిండి వేసినా మంచిదే. కాండం మీద, మట్టికి కాస్త పైన ఉబ్బెత్తుగా అంటు ముడి కనిపిస్తుంది. అది మట్టిలో పూడకుండా చూడాలి. దాని కింది నుంచి వచ్చే కొమ్మ మీరు కొన్న రకం కాదు, అంటు కట్టడానికి వాడిన అడవి గులాబీది. చూస్తే జోరుగా పెరుగుతూ ముచ్చటేస్తుంది. ఉంచితే పై మొక్క బలాన్నంతా తనే లాగేస్తుంది. మొదట్లోనే గిల్లేయాలి.

సోమవారం నుంచి నర్సరీకి వచ్చే ఫోన్లన్నీ దాదాపు ఒకే ప్రశ్నతో వస్తాయి: "ఏమండీ, ఆకులన్నీ రాలిపోతున్నాయి, మొక్క చచ్చిపోయిందా?" లారీ ప్రయాణం, కొత్త ఎండ, కొత్త మట్టి కలిసి వారం, పది రోజులు ఆకు రాలడం మామూలే. కాండం మీద గోటితో సన్నగా గీకి చూడమనాలి. లోపల ఆకుపచ్చగా ఉంటే బతికే ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఆ కొమ్మ పోయినట్టు, ఇంకాస్త కిందకి గీకి చూడాలి. ఈ సమయంలో బెంగపడి ఎరువులు వేసేవాళ్లు ఎక్కువ. కొత్త వేర్లు పట్టుకోని మొక్కకు ఎరువు మోత అవుతుంది. నెల దాకా ఏదీ వేయక్కర్లేదు. రోజుకు ఐదారు గంటల ఎండ మాత్రం కావాలి, అదీ మొదటి మూడు నాలుగు రోజులు ఉదయపు ఎండ ఇచ్చి తర్వాత పూర్తి ఎండకు మార్చాలి.

ఇదంతా ప్రకటనలో పట్టదు, పట్టించనూ కూడదు. కొనేవాడికి ఇంటి దగ్గర చేతికి పనికొచ్చే రెండు మూడు మాటలు చాలు. ఆఫర్ వివరాలు మాత్రం ఒక్కటీ వదలకూడదు. 'ఈ వారాంతం' అని రాస్తే ఆ మెసేజ్ చేతులు మారి నెల తర్వాత కూడా తిరుగుతుంటుంది. తేదీ, నెల రాయాలి. ధర కుండీతో కలిపా, కవరు మొక్కకా అన్నది చెప్పాలి, లేకపోతే కౌంటర్ దగ్గర వాదన తప్పదు. ఎత్తు ఎంతో చెప్పాలి. ఫొటో ఎక్కడి నుంచో తెచ్చుకున్న పువ్వుది కాక, నర్సరీలో వరసగా ఉన్న అవే మొక్కలది పెట్టాలి. పూలు లేకపోయినా ఫరవాలేదు, మొగ్గలుంటే చాలు.

నేనైతే ఇలా రాస్తాను. ధర ఉదాహరణకే సుమా:

"అంటు గులాబీలు, అడుగున్నర ఎత్తు, మొగ్గలతో. కవరు మొక్క రూ. 120, కుండీ వేరు. నవంబరు 14, 15 (శని, ఆది), ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకు. మట్టి అంగుళం లోతు ఎండితేనే నీళ్లు పోయండి. మొదటి వారం ఆకులు రాలితే భయపడకండి, కాండం గీకి చూడండి. నెల దాకా ఎరువు వద్దు."

ఈ ప్రకటన గులాబీకి మాత్రమే సరిపోతుంది. దీన్నే కాపీ చేసి స్నేక్ ప్లాంటు ఫొటో కింద పెడితే మళ్లీ పాత కథే. ఆ మొక్కకు ఆకుల్లోనే నీళ్లు నిల్వ ఉంటాయి. పై అంగుళం కాదు, కుండీ మట్టి అంతా ఎండాకే పోయాలి. నీడలో ఉంచితే ఇంకా ఆలస్యం చేయాలి. మందారానికైతే ఎండాకాలంలో పొద్దున పోసిన నీళ్లు సాయంత్రానికే అయిపోవచ్చు. అందుకని మొక్క మారినప్పుడల్లా నీళ్ల వాక్యం ఒక్కటైనా మార్చాలి.

అమ్మకం ఎప్పుడు పెట్టాలన్నదీ మొక్క మీదే ఆధారపడుతుంది. శుక్రవారం రాత్రి దిగిన లోడును శనివారం పొద్దున్నే అమ్మితే, ప్రయాణపు అలసట తీరకముందే ఇంకో చోటు మారినట్టవుతుంది. మంగళ, బుధవారాల్లో దించుకుని, పలుచటి నీడలో పెట్టి, ముద్దలన్నీ బాగా తడిపి, ఎండిన కొమ్మలు తీసేసి శనివారానికి సిద్ధం చేసుకుంటే ఆకు రాలడం తగ్గుతుంది. వారాంతం కొనేవాళ్లకూ అనువే, ఆ సాయంత్రం ఎండ తగ్గాక తీరికగా కుండీలోకి మార్చుకోవచ్చు. ఆదివారం మధ్యాహ్నానికే మొక్కలు అయిపోతే ప్రకటన పైన 'అయిపోయాయి' అని రాసి మళ్లీ పంపాలి. దూరం నుంచి బయల్దేరేవాళ్లు ఆగిపోతారు.