ఆమోదం కావాల్సిన మూడు స్లైడ్లు

గుంటూరులో ఒక పచ్చళ్ల కంపెనీ ఉందనుకుందాం. వేసవికల్లా అరకిలో ఆవకాయను కొత్త పౌచ్‌లో బజారుకు పంపాలని యజమాని ఆలోచన. విజయవాడలో ఒక డిజైన్ ఏజెన్సీ అందుకోసం 26 స్లైడ్ల ప్రపోజల్ డెక్ తయారుచేసింది. పోటీ కంపెనీల ప్యాకింగ్ ఎలా ఉంది, ఈ రంగులే ఎందుకు, ఖర్చెంత, అన్నీ అందులో ఉన్నాయి. ఇక క్లయింటుకు పంపడమే తరువాయి. చాలామంది పంపే మెయిల్ ఇంతే: "నమస్తే అండీ, ప్రపోజల్ జతచేశాం. చూసి మీ అభిప్రాయం చెప్పగలరు."

ఆయన దాన్ని ఫోన్‌లో తెరుస్తారు, మిర్చి లోడు దింపించుకుంటూ వేలితో పైకి నెట్టుకుంటూ పోతారు, "బాగుందండీ" అని జవాబిస్తారు. ఆయన తప్పేమీ లేదు, అభిప్రాయం అడిగారు కాబట్టి అభిప్రాయం చెప్పారు. కానీ ఏజెన్సీకి కావాల్సింది అభిప్రాయం కాదు, ఆమోదం. ఏ డిజైన్ ఖాయం? వెనక అచ్చయ్యే వివరాలు సరిచూశారా? అడ్వాన్సు ఎప్పుడు? ఈ మూడింటిలో ఒక్కదానికీ "బాగుందండీ" జవాబు కాదు.

ఇక్కడ ఆమోదం ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే పౌచ్ ఎలా అచ్చవుతుందో కొంచెం చూడాలి. పెద్ద సంఖ్యలో వేసే పౌచ్‌ల ఫిల్మును ఎక్కువగా గ్రావ్యూర్ పద్ధతిలో ముద్రిస్తారు. ఒక్కో రంగుకు ఒక్కో సిలిండర్ ఉంటుంది. దాని మీది రాగి పూతలో బొమ్మనంతా కంటికి ఆనని చిన్న చిన్న గుంటలుగా చెక్కి, అరిగిపోకుండా పైన క్రోమియం పూత వేస్తారు. ఒకసారి చెక్కాక, నల్ల అక్షరాల్లో ఒక్క అంకె మారినా ఆ నలుపు సిలిండర్‌ను మళ్లీ చేయించాల్సిందే. కంప్యూటర్‌లో అరనిమిషంలో అయ్యే సవరణ అక్కడికి వెళ్లాక డబ్బుతోనూ రోజులతోనూ కూడిన పని అవుతుంది. కాబట్టి సిలిండర్లకు ఫైలు పంపకముందే ఏయే స్లైడ్లకు అవును అనిపించుకోవాలో ఏజెన్సీ ముందు తాను తేల్చుకోవాలి. ఈ డెక్‌లో అవి మూడే: 9, 14, 22. మిగతా 23 స్లైడ్లు ఆ మూడు నిర్ణయాలకు ఆధారాలు. మెయిల్ ఆ మూడింటి చుట్టూనే తిరగాలి.

ఆ మెయిల్ ఇలా ఉంటే చాలు:

"విషయం: ఆవకాయ పౌచ్ ప్రపోజల్ – 3 స్లైడ్లకు మీ ఆమోదం, ఫిబ్రవరి 14 లోపు

నమస్తే అండీ,

అరకిలో ఆవకాయ పౌచ్ ప్రపోజల్ పీడీఎఫ్ జతచేశాం. మొత్తం 26 స్లైడ్లున్నా, మీరు నిర్ణయం చెప్పాల్సినవి మూడే.

స్లైడ్ 9, ముందువైపు డిజైన్: ఎ, బి అని రెండు ఉన్నాయి. షాపు అరలో దూరం నుంచి కూడా పేరు చదవగలిగేది 'ఎ' అని మా సలహా. ఏది ఖాయమో చెప్పండి.

స్లైడ్ 14, వెనకవైపు వివరాలు: పదార్థాల వరుస, నికర బరువు, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు, చిరునామా. దయచేసి మీ ప్రొడక్షన్ మేనేజర్ గారితో అక్షరం అక్షరం సరిచూయించండి.

స్లైడ్ 22, ఖర్చు, చెల్లింపు: సిలిండర్ల ఖర్చు విడిగా చూపించాం. 50 శాతం అడ్వాన్సుకు మీ అంగీకారం కావాలి.

ఫిబ్రవరి 14 సాయంత్రం 5 గంటల లోపు ఈ మూడూ ఖాయమైతే, మరునాడే ఫైళ్లు సిలిండర్లకు వెళ్తాయి. ఆలస్యమైతే పౌచ్‌లు చేతికొచ్చే తేదీ కూడా అన్ని రోజులు జరుగుతుంది.

స్లైడ్ 9లోని రంగులకు ఇప్పుడు ఆమోదం అడగడం లేదు. వాటికి అచ్చు నమూనా విడిగా పంపుతాం."

ఇందులో స్లైడ్ 14 గురించిన మాట నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది. లేబుల్ మీద పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలన్నది నియమం. మామిడి ముక్కల తర్వాత నూనె రావాలా, కారం రావాలా, ఉప్పు రావాలా? అది పచ్చడి కలిపేవాళ్లకు తెలుస్తుంది తప్ప డిజైనర్‌కు తెలియదు. 14 అంకెల లైసెన్సు నంబరు కూడా అంతే. అందుకే "చూడండి" అని వదిలేయకుండా, ఎవరు చూడాలో, ఏం చూడాలో చెప్పాలి. ధర, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ మాత్రం సాధారణంగా ప్యాకింగ్ సమయంలో కొట్టుకుంటారు కనుక పౌచ్ మీద వాటికి ఖాళీ వదిలితే సరిపోతుంది. ఆ ఖాళీ సంగతి స్లైడ్ మీదే రాసి ఉంటే "ధర ఏదండీ?" అనే ఫోన్ రాదు.

రంగుల మాట ఎందుకు పక్కన పెట్టారంటే, తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, ఫిల్ము మీద సిరాతో రంగు పడుతుంది. ఆయన ఫోన్‌లో నిప్పులా మెరిసిన ఎరుపు పౌచ్ మీదకు వచ్చేసరికి కాస్త మందగిస్తుంది. స్లైడ్ చూపించి రంగుకు సంతకం పెట్టించుకుంటే తర్వాత గొడవే. ఏది ఆమోదం కోసం కాదో చెప్పడం కూడా ఈ మెయిల్ పనే.

పంపే ముందు స్లైడ్ నంబర్లను తప్పకుండా పీడీఎఫ్‌లోనే సరిచూడాలి. పవర్‌పాయింట్‌లో ఒక స్లైడును దాచిపెట్టినా నంబర్ల లెక్కలో అది ఉంటుంది. దాచినవి వదిలేసి పీడీఎఫ్ చేస్తే ఆ పేజీ రాదు. పాత డిజైన్ ఉన్న స్లైడ్ 11ను దాచారనుకోండి, మూలన 14 అని అచ్చయిన స్లైడు పీడీఎఫ్‌లో 13వ పేజీ అవుతుంది. క్లయింటు ఫోన్‌లో 14వ పేజీకి వెళ్లి వేరే స్లైడు చూసి సరే అంటారు. వాడని స్లైడ్లను దాచకుండా తీసేస్తే ఈ ఇబ్బంది ఉండదు. ఫైలు పేరులో Avakaya_Pouch_v3.pdf అన్నట్టు వెర్షన్ ఉండాలి. జీమెయిల్‌లో జతపరిచేవి 25 ఎంబీ దాటితే డ్రైవ్ లింకుగా మారతాయి. అప్పుడు ఆయనకు తెరిచే అనుమతి ఉందో లేదో మరో ఖాతా నుంచి తెరిచి చూసుకోవాలి.

ఇక జవాబు. "9 ఓకే, ఎ ఖాయం. 22 ఓకే" అని వస్తే 14కు ఆమోదం రానట్టే. దాన్ని ఊహించుకోకూడదు. "గడువులోగా జవాబు రాకపోతే ఆమోదించినట్టే భావిస్తాం" అని రాసే అలవాటు కొందరికి ఉంది. నాకది నచ్చదు. అవతలివాళ్ల మౌనాన్ని అంగీకారంగా లెక్కగట్టడం చట్టం ముందు మామూలుగా నిలవదు, మనసులోనూ నిలవదు. పని అక్కడితో ఆగుతుందని, తేదీ జరుగుతుందని చెప్పడమే నిజాయితీ, పైగా పని కూడా చేస్తుంది.

మెయిల్‌లో చెప్పిన అవునుకు మాత్రం బలం ఉంది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ చట్టంలోని 10ఎ సెక్షన్ చెబుతోంది. ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం కంపెనీల వివాదంలో సుప్రీంకోర్టు 2010లో, మెయిళ్ల ద్వారా జరిగిన ప్రతిపాదన, అంగీకారాలతోనే ఒప్పందం పూర్తయిందని తేల్చింది. కాబట్టి ఆయన వాట్సాప్‌లోనో ఫోన్‌లోనో సరే అంటే, అదే మెయిల్ కిందనే తిరిగి రాయాలి: "ఈరోజు ఫోన్‌లో మీరు చెప్పిన ప్రకారం v3 పీడీఎఫ్‌లో స్లైడ్ 9 (ఎ), స్లైడ్ 22 ఆమోదించారు. స్లైడ్ 14లో చిరునామా పిన్‌కోడ్ మార్చమన్నారు. మార్చి v4 పంపుతున్నాం. ఆ ఒక్క స్లైడు సరే అంటే సిలిండర్లకు పంపుతాం." v4లో మారింది ఆ ఒక్క స్లైడేనని తెలిస్తే ఆయన 26 మళ్లీ చూడక్కర్లేదు, ఆ ఒక్క పేజీ తెరిచి చూస్తే చాలు.