పంట రుణం: ఆ 3 శాతం ఎవరికి, ఎప్పటిదాకా?

పంట రుణానికి 4 శాతమే వడ్డీ అని అందరూ అంటారు. బ్యాంకు పుస్తకంలో మాత్రం 7 అని ఉంటుంది. రెండూ నిజమే. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల లోపు పంట రుణాన్ని 7 శాతానికి ఇచ్చినందుకు కేంద్రం బ్యాంకుకు 1.5 శాతం ఇస్తుంది. అది రైతు కంటికి కనిపించదు. గడువులోగా అప్పు తీర్చిన రైతుకు ఇంకో 3 శాతం రాయితీ ఉంది. మనకు దక్కేది, చేజారేది ఇదే.

వరి కోసం జులై 10న లక్షన్నర తీసుకున్న రైతునే చూద్దాం. ఏడాదికి 7 శాతం లెక్కన వడ్డీ 10,500 రూపాయలు. గడువులో కడితే అందులో 4,500 రాయితీ పోను చేతి నుంచి పడేది 6,000. ధాన్యం డబ్బు రాగానే ఏప్రిల్ 10న, అంటే తొమ్మిది నెలలకే కట్టేస్తే వడ్డీ సుమారు 4,500తో సరిపోతుంది. వాడుకున్న రోజులకే వడ్డీ గనుక ముందు కట్టినవాడికి నష్టమేమీ లేదు.

అదే రైతు వచ్చే జులై దాటాక కడితే? ఆలస్యమైన రోజులకే రాయితీ తెగుతుందని చాలామంది అనుకుంటారు. కాదు, ఏడాది మొత్తానికి రావాల్సిన 4,500 పోతుంది. ఆపైన గడువు దాటిన రోజులకు బ్యాంకు తన సొంత రేటు వేస్తుంది.

గడువును మార్చి 31తో ముడిపెట్టుకోవద్దు. డబ్బు తీసుకున్న రోజు నుంచి గరిష్ఠంగా ఏడాది. పంటను బట్టి బ్యాంకు ఇంకా ముందే తేదీ పెట్టి ఉంటే, అదే గడువు. తేదీ ఎప్పుడో లోను తీసుకున్న రోజే అడిగి పాసుపుస్తకం అట్ట మీద రాయించుకోవడం మేలు. వడ్డీ మాత్రం కట్టి అసలు అలాగే ఉంచితే తీర్చినట్టు కాదు.

బంగారం కుదువపెట్టి సాగు పేరిట తెచ్చిన అప్పుకు ఈ రాయితీ రాదు, కిసాన్ కార్డు ఖాతా ఉండాల్సిందే. ఆధార్ అనుసంధానమూ తప్పనిసరి. ఇక చాలాచోట్ల బ్యాంకు ముందు 7 శాతమూ వసూలు చేసుకుని, 3 శాతం సొమ్మును తర్వాత ఖాతాలో జమ చేస్తుంది. అప్పు తీరిపోయిందని స్టేట్‌మెంట్ చూడటం మానేస్తే, ఆ జమ పడిందో లేదో తెలియదు. పడకపోతే కట్టిన రసీదుతో మేనేజరునే అడగాలి.

ధర లేక ధాన్యం అమ్మలేని చిన్న, సన్నకారు రైతుకు ఇంకో దారి ఉంది. గుర్తింపు పొందిన గోదాములో సరుకు పెట్టి, ఆ రసీదు మీద కోత తర్వాత ఆరు నెలల దాకా 7 శాతం వడ్డీకే అప్పు తీసుకోవచ్చు. గడువు దగ్గరపడిందని కల్లంలోనే తెగనమ్ముకోనక్కర్లేదు.