గుణకాలకు కళ్లెం వేసే రిడ్జ్, లాస్సో

రిడ్జ్, లాస్సో అనేవి రిగ్రెషన్ సమీకరణంలోని గుణకాలను కావాలనే కుదించే రెండు పద్ధతులు. అనేక అంశాల ఆధారంగా ఒక ఫలితాన్ని అంచనా కట్టేటప్పుడు, ఒక్కో అంశానికి ఎంత బరువు ఇవ్వాలో చెప్పే సంఖ్యే గుణకం. మామూలు రిగ్రెషన్ అసలు విలువకూ అంచనాకూ మధ్య ఉన్న తేడాల వర్గాల మొత్తం కనిష్ఠంగా ఉండేలా గుణకాలను ఎంచుకుంటుంది. వేరే షరతేమీ పెట్టదు. అంశాలు దేనికది విడిగా ఉన్నంతకాలం ఇందులో చిక్కు లేదు. అవి ఒకదానితో ఒకటి కలిసి పెరుగుతూ తగ్గుతూ ఉంటేనే ఇబ్బంది మొదలవుతుంది.

గణాంకశాస్త్రం చదివేవాళ్లకు బాగా తెలిసిన మధుమేహ రోగుల వివరాలను తీసుకుంటే ఆ ఇబ్బంది కళ్లకు కడుతుంది. ఎఫ్రాన్, హేస్టీ, జాన్‌స్టన్, టిబ్షిరానీ 2004లో ప్రచురించిన పరిశోధన పత్రంలో వాడిన సమాచారం ఇది. 442 మంది రోగుల వయసు, లింగం, శరీర బరువు సూచీ, రక్తపోటుతో పాటు ఆరు రక్తపరీక్షల కొలతలు అందులో ఉన్నాయి. ఏడాది తర్వాత జబ్బు ఎంత ముదిరిందో చెప్పే స్కోరును ఈ పది అంశాల నుంచి అంచనా వేయాలి.

మామూలు రిగ్రెషన్ ఇక్కడ మొత్తం కొలెస్టరాల్‌కు -792, చెడ్డ కొలెస్టరాల్ అనే ఎల్‌డీఎల్‌కు +477, మంచిదనే హెచ్‌డీఎల్‌కు +101 గుణకాలు ఇస్తుంది. పది అంశాలనూ ఒకే కొలమానానికి తెచ్చాక వచ్చిన సంఖ్యలివి. వీటిని ఉన్నదున్నట్టు నమ్మితే మొత్తం కొలెస్టరాల్ పెరిగినకొద్దీ జబ్బు నెమ్మదించాలి, మంచి కొలెస్టరాల్ పెరిగితే ముదరాలి. ఏ డాక్టరూ ఒప్పుకోని మాట ఇది. లెక్కలో మాత్రం తప్పేమీ లేదు.

అసలు కారణం కొలతల్లోనే ఉంది. ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ రెండూ మొత్తం కొలెస్టరాల్‌లో భాగాలే. మొత్తానికీ ఎల్‌డీఎల్‌కూ మధ్య సహసంబంధం దాదాపు 0.9. ఒకటి ఎక్కువగా ఉన్న రోగికి రెండోదీ ఎక్కువగానే ఉంటుంది. ఒకటి పెరిగి రెండోది తగ్గిన రోగులు చాలా తక్కువ. అలాంటప్పుడు రెండింటి ఉమ్మడి ప్రభావం ఎంతో డేటా గట్టిగానే చెప్పగలదు కానీ, అందులో దేని వాటా ఎంతో చెప్పలేదు. ఒకదానికి +5, రెండోదానికీ +5 ఇచ్చినా, ఒకదానికి +800, ఇంకోదానికి -790 ఇచ్చినా దాదాపు ఒకే అంచనా వస్తుంది. వీటిలో ఏది ఎంపికవుతుందో కొద్దిపాటి యాదృచ్ఛిక హెచ్చుతగ్గులే తేల్చేస్తాయి.

ఈ అస్థిరతను కొలిచే సాధనం వేరియన్స్ ఇన్‌ఫ్లేషన్ ఫ్యాక్టర్. ఒక అంశం మిగతా అంశాలతో పెనవేసుకున్నందువల్ల దాని గుణకపు విస్తృతి ఎన్ని రెట్లయిందో అది చెబుతుంది. శరీర బరువు సూచీకి అది 1.5 మాత్రమే, మొత్తం కొలెస్టరాల్‌కు 59. అందుకే -792 అనే గుణకానికి ప్రామాణిక దోషం 417 దాకా ఉంది. అంటే ఆ సంఖ్యలో స్థిరత్వం లేదు, మరో 442 మందిని తీసుకుంటే అది ఎటైనా పోవచ్చు.

రిడ్జ్ ఇక్కడ ఒక జరిమానా విధిస్తుంది. తేడాల వర్గాల మొత్తానికి గుణకాల వర్గాల మొత్తాన్ని λ అనే సంఖ్యతో గుణించి కలిపి, ఆ రెండూ కలిసిన మొత్తాన్ని కనిష్ఠం చేస్తుంది. +5, +5 జతకు వర్గాల మొత్తం 50. +800, -790 జతకు అది 12 లక్షల 64 వేలు దాటుతుంది. అంచనాలు దాదాపు ఒకటే అయినప్పుడు ఇంత ఖరీదైన జతను ఎంచుకోవడానికి కారణం ఉండదు. ఇంకో మాటలో చెప్పాలంటే, డేటా మౌనంగా ఉన్నచోట జరిమానా నిర్ణయం తీసుకుంటుంది.

ఈ కుదింపు అన్నివైపులా సమానంగా ఉండదు. రిడ్జ్ సుగుణమంతా ఇక్కడే ఉంది. సహసంబంధం 0.9గా ఉన్న రెండు అంశాలను మాత్రమే తీసుకుంటే, వాటి ఉమ్మడి దిశలో సమాచార బలం 1.9, తేడా దిశలో 0.1. λ విలువ 0.1 అయితే ఉమ్మడి ప్రభావం 1.9/(1.9+0.1), అంటే 95 శాతం నిలుస్తుంది. తేడా 0.1/(0.1+0.1), అంటే సగానికి పడిపోతుంది. గట్టిగా తెలిసినదాన్ని దాదాపు ముట్టుకోకుండా, తెలియనిదాన్నే రిడ్జ్ అణచిపెడుతుంది.

మధుమేహ డేటాపై ఇదే λతో రిడ్జ్ నడిపితే మొత్తం కొలెస్టరాల్ గుణకం -792 నుంచి -83కి వస్తుంది. ఎల్‌డీఎల్ +477 నుంచి -71కి మారుతుంది. హెచ్‌డీఎల్ గుర్తు తారుమారై -189 అవుతుంది, వైద్యులు ఊహించే దిశ కూడా అదే. శరీర బరువు సూచీ మాత్రం 520 నుంచి 490కే తగ్గింది. దానికి చుట్టరికాల గొడవ లేదు కదా. ఆర్థర్ హోర్ల్, రాబర్ట్ కెనార్డ్ 1970లో ఈ పద్ధతిని ప్రతిపాదించింది కూడా సరిగ్గా ఇలాంటి పెనవేసుకున్న అంశాల కోసమే.

రాబర్ట్ టిబ్షిరానీ 1996లో ప్రచురించిన లాస్సోలో వర్గాలకు బదులు గుణకాల పరిమాణాల మీదే, గుర్తు వదిలేసి, జరిమానా పడుతుంది. చిన్న మార్పులా కనిపించినా ఫలితం వేరు. రిడ్జ్‌లో గుణకాన్ని 10 నుంచి 9కి దించితే 19 వంతుల జరిమానా తప్పుతుంది, 1 నుంచి 0కి దించితే ఒక్క వంతే. సున్నా దగ్గరపడేకొద్దీ తగ్గించాలన్న ఒత్తిడి సడలిపోతుంది కాబట్టి గుణకాలు చిన్నవవుతాయి కానీ మాయం కావు. లాస్సోలో ప్రతి మెట్టుకూ ఒకే ధర. ఆ ధరకు తగ్గ ప్రయోజనం చూపలేని గుణకం నేరుగా సున్నా అవుతుంది. మధుమేహ డేటాపై ప్రచారంలో ఉన్న సైకిట్-లెర్న్ సాఫ్ట్‌వేర్‌లో లాస్సోను `alpha=0.1`తో నడిపితే వయసు, ఎల్‌డీఎల్, కొలెస్టరాల్ నిష్పత్తి సున్నా అయి, ఏడు అంశాలే మిగులుతాయి. (ఆ సాఫ్ట్‌వేర్‌లో రెండు పద్ధతుల జరిమానా కొలమానాలు వేరు, కాబట్టి ఈ 0.1నూ రిడ్జ్ 0.1నూ పోల్చకూడదు.)

అయితే లాస్సో ఎల్‌డీఎల్‌ను తీసేసినంత మాత్రాన ఎల్‌డీఎల్‌కు జబ్బుతో సంబంధం లేదని అర్థం కాదు. పది బరువు మొత్తం ఒకరికిచ్చినా, ఇద్దరికీ ఐదేసి పంచినా లాస్సోకు జరిమానా పదే. కవలల్లాంటి రెండు అంశాల్లో అది తరచు ఒకదాన్ని ఉంచి రెండోదాన్ని వదిలేస్తుంది, నమూనా కాస్త మారితే ఎంపికా మారిపోవచ్చు. డేటాలోంచి మళ్లీమళ్లీ నమూనాలు తీసి లాస్సో నడిపి చూస్తే ఈ గోడమీది పిల్లులు బయటపడతాయి. ఒక గుంపులోని అంశాలన్నీ కలిసి ఉండాలంటే, రెండు జరిమానాలనూ కలిపి జౌ, హేస్టీ 2005లో ప్రతిపాదించిన ఎలాస్టిక్ నెట్ మేలు.

λ ఎంత ఉండాలన్నది సాధారణంగా క్రాస్-వాలిడేషన్‌తో తేలుస్తారు. డేటాను ఐదో పదో భాగాలు చేసి, ఒక్కో భాగాన్నీ వంతులవారీగా పక్కన పెట్టి, మిగతావాటితో సమీకరణం కట్టి, పక్కన పెట్టినదాని మీద పరీక్షిస్తారు. సగటున తక్కువ తప్పు చేసిన λను తీసుకుంటారు. అంతకుముందే అంశాలన్నిటినీ ఒకే కొలమానానికి తేవాలి. లేకపోతే ఎత్తును మీటర్లలో రాసినప్పుడు ఒక జరిమానా, సెంటీమీటర్లలో రాసినప్పుడు ఇంకో జరిమానా పడుతుంది.

కుదించిన గుణకాలు ఉద్దేశపూర్వకంగానే కాస్త పక్షపాతంతో ఉంటాయి. ఆ చిన్న తప్పుకు బదులుగా ఊగిసలాట బాగా తగ్గుతుంది. పది అంశాలకు 442 మంది రోగులున్న ఈ డేటాలో అంచనాల నాణ్యత పెద్దగా మెరుగుపడదు, గుణకాలు చదవడానికి వీలుగా మారడమే లాభం. అంశాల సంఖ్య రోగుల సంఖ్యను మించిపోయే జన్యు పరిశోధనల్లో మాత్రం మామూలు రిగ్రెషన్‌కు ఒకే ఒక్క సమాధానం అంటూ ఉండదు. అక్కడ జరిమానా వంటి అదనపు షరతేదో లేకుండా లెక్క ముందుకు సాగదు.